చదివితే పని అయినట్టే

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలన్న కాలానికి ఉమ్మడి మెయిల్‌బాక్సు పుట్టలేదు. పుట్టి ఉంటే ఆ గొర్రె మీద అంత జాలి పడేవారు కాదు. నలుగురికి ఒకే పాస్‌వర్డు ఉన్న చోట ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురు చూసుకుంటారన్న నిశ్చింతతో జీవిస్తారు. ఈ నిశ్చింతను యంత్రానికి కూడా పంచాలన్న సదుద్దేశంతో మేము ఐదు నిమిషాలకొకసారి నడిచే ఒక స్క్రిప్టును నియమించుకున్నాం. వచ్చిన మెయిల్‌లోని ఆర్డరును నమోదు చేసి, ఆ మెయిల్‌ను `Processed` అనే ఫోల్డరుకు, అర్థం కానిదైతే `NeedsAttention` అనే ఫోల్డరుకు జరపడం దాని ఉద్యోగం.

ఏ మెయిల్ కొత్తదో దానికి ఎలా తెలియాలి? మా సంస్థ మేధావులు ఒక్క క్షణమైనా తడుముకోకుండా సర్వరును ఇలా అడగమన్నారు:

```
UID SEARCH UNSEEN
```

చదవనివి మాత్రమే ఇమ్మని దీని అర్థం. చదివితే పని అయినట్టే అన్న మా సంస్థ తత్వాన్ని ఇంత క్లుప్తంగా మరే వాక్యమూ చెప్పలేదు. అయితే అందరూ ఒకే ఖాతాతో లాగిన్ అయ్యే చోట, చదివినట్టు తెలిపే గుర్తు మెయిల్‌కు ఒక్కటే ఉంటుంది. ఒకరు తెరిస్తే నలుగురూ చదివినట్టే లెక్క, స్క్రిప్టుతో సహా.

ఒక రోజు ఉదయం 8:52కు ఒక ఆర్డరు వచ్చింది. 8:53కు మాలో ఒకరు లిఫ్టు కోసం నిలబడి, ఫోనులో దాన్ని తెరిచి, స్క్రిప్టు చూసుకుంటుందిలే అనుకుని మూసేశారు. 8:55కు స్క్రిప్టు లేచి, చదవనివేమైనా ఉన్నాయా అని అడిగి, లేవన్న సమాధానం విని, లాగ్‌లో సున్నా అని రాసి పడుకుంది. ఆ తరువాత రోజుకు 288 సార్లు చొప్పున అదే ఆర్డరు పక్కనుంచి నడిచి వెళ్తూ, ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. లాగ్‌లో లోపమన్న మాటే లేదు కనుక మేమూ సంతోషంగానే ఉన్నాం. పదకొండో రోజున పంపినవారే ఫోను చేసి మా సంతోషాన్ని భంగపరిచారు.

మనుషులను మెయిల్ తెరవకుండా కట్టడి చేయాలని నేను ప్రతిపాదించాను కానీ, నేరం మనుషులది మాత్రమే కాదని తేలింది. స్క్రిప్టు మెయిల్‌ను `BODY[]` అని అడిగి తెచ్చుకుంటోంది; అలా అడిగిన మరుక్షణమే సర్వరు దానికి చదివిన గుర్తు వేసేస్తుంది. ఆపైన అటాచ్‌మెంటు తెరుచుకోక స్క్రిప్టు నడుమ కూలిపోతే, మళ్లీ లేచినప్పుడు ఆ మెయిల్ దానికి కనిపించదు. `BODY.PEEK[]` అని అడిగి ఉంటే గుర్తు పడేది కాదు. తొంగిచూడటం మర్యాద కాదని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు, ఏం చేస్తాం!

ఈలోగా కొత్తగా చేరిన ఒక అమ్మాయి చదివారా లేదా అన్న ప్రశ్నే అనవసరమని వాదించింది. ఇన్‌బాక్సులో ఉన్నదంతా మిగిలిన పని, అక్కడి నుంచి కదిలిందే అయిపోయిన పని. `UNSEEN` బదులు `ALL` అని అడిగితే చాలునట. ముందు నమోదు చేసి తరువాతే మెయిల్‌ను జరపాలట. ఆ రెండింటి మధ్య కరెంటు పోతే అదే ఆర్డరు రెండోసారి నమోదవుతుంది కదా అని నేను గర్వంగా పట్టుకున్నాను. ఆర్డరుతో పాటే మెయిల్‌లోని `Message-ID`ని కూడా రాసుకుంటే, అది మళ్లీ ఎదురైనప్పుడు నమోదు మానేసి జరపడం మాత్రమే చేయవచ్చని ఆమె బదులిచ్చింది. ఒక పాడు మెయిల్ దగ్గర స్క్రిప్టు ప్రతిసారీ కూలిపోతే వెనకున్నవన్నీ ఆగిపోతాయి కనుక, అటువంటి దాన్ని పక్కకు తీసి `NeedsAttention`లో పడేసి ముందుకు సాగాలని కూడా చెప్పింది. ఇన్ని సమావేశాలకు సరిపడే సమస్యను ఒక్క పూటలో పరిష్కరించడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇక `NeedsAttention` సంగతి. శ్రద్ధ అవసరమని ఆ పేరు చెబుతుందే తప్ప ఎవరి శ్రద్ధో చెప్పదు. మా ఫోన్లు ఇన్‌బాక్సుకు వచ్చిన మెయిల్‌కే మోగుతాయి; ఈ ఫోల్డరులోకి చేరినది చప్పుడు లేకుండా చేరుతుంది. అందులో ఎన్ని ఉన్నాయో రోజూ లెక్కపెట్టేవాళ్లం. సోమవారం ఆరు, శుక్రవారం ఆరు. వచ్చినవి వచ్చినట్టు తీర్చినా ఆరే, ఎవరూ ముట్టుకోకపోయినా ఆరే కనుక ఆ అంకె మా అందరికీ ఎంతో నచ్చింది. అన్నిటికన్నా పాత మెయిల్ వచ్చి ఎన్ని రోజులైందో చూడమని ఆ అమ్మాయే అడిగింది. చూస్తే 41 రోజులు.

విషయం తీవ్రమైనదని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ వయసును రోజూ ఉదయం అందరికీ మెయిల్ చేయాలని ఆదేశించాం. అందరికీ అంటే ఉమ్మడి చిరునామాకే కదా. మొదటి నివేదిక ఉదయం 9 గంటలకు ఇన్‌బాక్సులో పడింది. 9:05కు స్క్రిప్టు లేచి, దాన్ని ఆసాంతం చదివి, అందులో ఆర్డరేమీ కనిపించక, `NeedsAttention`లోకి జరిపింది.