ఫ్రెషర్ సెల్ఫ్ ఇంట్రడక్షన్ గురించి తిరుగుతున్న ఆ సలహా ఎక్కడెక్కడ తప్పు

"ఫ్రెషర్‌కి ఎక్స్‌పీరియన్స్ ఉండదు కాబట్టి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. పేరు, ఊరు, ఫ్యామిలీ, స్కూల్ నుంచి డిగ్రీ దాకా మార్కులు, హాబీలు, స్ట్రెంగ్త్స్ ఈ ఆర్డర్‌లో రాసుకుని బట్టీ పట్టండి. రెండు నిమిషాలు ఆగకుండా చెప్పేయండి. కాన్ఫిడెన్స్ కనిపిస్తే చాలు, లోపల ఏముందో ఎవరూ వినరు."

చివరి మాటతో మొదలుపెడతాను, మిగతా సలహా అంతా దాని మీదే నిలబడింది కాబట్టి. లోపల ఏముందో వింటారు. ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగే వైపు కూర్చునే మనిషిగా చెప్తున్నాను: మీరు మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్లు ఒక కన్ను రెజ్యూమె మీద వేసి, తర్వాత ఏం అడగాలా అని వెతుక్కుంటూ ఉంటారు. మీ మాటల్లో పట్టుకోవడానికి ఏదైనా దొరికితే మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. ఏమీ దొరక్కపోతే సిలబస్‌లో ఎక్కడో ఒక మూల నుంచి వస్తుంది, అది మీకు తెలిసిన మూల అవుతుందన్న హామీ లేదు. మీరు బాగా ఎరిగిన చోటికి ఇంటర్వ్యూని నడిపించుకునే అవకాశం మీ చేతికి వచ్చేది ఆ రెండు నిమిషాల్లోనే, దాన్ని వదులుకోమని చెప్పే సలహా ఇది. కాన్ఫిడెన్స్ అక్కర్లేదని నేను అనడం లేదు, కానీ నిజంగా చేసిన పని గురించి మాట్లాడేటప్పుడు అది చాలావరకు దానంతట అదే వస్తుంది, చూడండి కావాలంటే.

ఇక ఆ ఆర్డర్ సంగతి. పేరు, ఊరు, చదువు, మార్కులు అన్నీ ఎదుటివాళ్ల చేతిలో ఉన్న కాగితం మీదే ఉన్నాయి. ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారన్నది ఉద్యోగానికి సంబంధించింది కాదు. వీటన్నిటినీ వరసగా చెప్పి చూడండి, దాదాపు నిమిషం అయిపోతుంది. మిగిలిన నిమిషంలో "హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్" అనే మూడు మాటలు. ఈ మాటల్లో అబద్ధం ఉందని కాదు, నిజమో కాదో తేల్చుకునే దారి వినేవాళ్లకి లేదు, పైగా మీకు ముందు వచ్చినవాళ్లూ అవే చెప్పి వెళ్లారు. త్వరగా నేర్చుకుంటారా? సరే, ఏం నేర్చుకున్నారు, ఎందుకు అవసరం వచ్చింది, దాంతో ఏం చేశారు, ఇది చెప్పండి. క్విక్ లెర్నర్ అనే మాట వాళ్లే రాసుకుంటారు.

అనుభవం లేదు కాబట్టి చెప్పడానికి ఏమీ లేదన్నదే నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట, ఎందుకంటే నమ్మినవాళ్లు వెతకడమే మానేస్తారు. ఫ్రెషర్ దగ్గర ఉద్యోగ అనుభవం ఉండదని పిలిచినవాళ్లకి ముందే తెలుసు. వాళ్లు చూసేది వేరు: ఈ మనిషికి ఒక సమస్య ఎదురైతే ఏం చేస్తాడు, కారణం ఎలా వెతుకుతాడు, తన వంతు పని ఏదో స్పష్టంగా చెప్పగలడా. దీనికి సాక్ష్యం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ఉంటుంది, ల్యాబ్‌లో ఉంటుంది, ఏదైనా ఈవెంట్ లెక్కలు చూసిన చోట కూడా ఉండొచ్చు. ప్రాజెక్టు మామూలుదైనా పర్వాలేదు. అందరూ చేసే ప్రాజెక్టులో కూడా మీకు ఒక్కరికే ఎదురైన ఇబ్బంది ఒకటి ఉంటుంది, చెప్పాల్సింది అదే.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ అయిన ఒకమ్మాయి హార్డ్‌వేర్ టెస్టింగ్‌లో ట్రెయినీ ఉద్యోగానికి వెళ్తోంది అనుకుందాం. ప్రాజెక్టు ఏమిటంటే మట్టిలో తడిని బట్టి మోటార్‌ని ఆన్, ఆఫ్ చేసే సిస్టమ్, అంటే ఎన్నో బ్యాచ్‌లు చేసిందే. ఆమె జవాబు నేనైతే ఇలా పేరుస్తాను.

మొదటి పదిహేను, ఇరవై సెకన్లు: "నా పేరు ఫలానా. ఈ ఏడాదే ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ పూర్తి చేశాను. ఒక బోర్డు ఎందుకు సరిగా పనిచేయట్లేదో వెతికి పట్టుకోవడం నాకు బాగా నచ్చే పని, అందుకే టెస్టింగ్ వైపు రావాలనుకున్నాను."

తర్వాత నిమిషం, నిమిషం పైన కొంచెం: "ఫైనల్ ఇయర్‌లో నలుగురం కలిసి, మట్టిలో తడి తగ్గితే మోటార్ దానంతట అదే ఆన్ అయ్యే సిస్టమ్ చేశాం. అందులో సెన్సార్, దాని రీడింగులు నా భాగం. మొదట్లో బాగానే పనిచేసింది. రెండు వారాలయ్యేసరికి తడి మట్టిలో పెట్టినా పొడిగా ఉందని చూపించడం మొదలుపెట్టింది. అందరం కోడ్‌లో తప్పనుకున్నాం. నేను అదే కోడ్‌తో, అదే మట్టిలో కొత్త సెన్సార్ పెట్టి చూశాను, రీడింగ్ సరిగానే వచ్చింది. అంటే తేడా కోడ్‌లో లేదు. పాత సెన్సార్ తీసి చూస్తే దాని లోహపు పూత తినేసి ఉంది. దానికి ఎప్పుడూ కరెంట్ ఇస్తూ ఉండటం వల్ల తడి మట్టిలో ఎలక్ట్రాలిసిస్ జరిగి పూత పోతోంది. అందుకని అరగంటకోసారి, రీడింగ్ తీసుకునే క్షణంలో మాత్రమే కరెంట్ వెళ్లేలా మార్చాను. ఆ తర్వాత నెల రోజులు పెట్టి చూశాం, రీడింగులు నిలకడగా ఉన్నాయి."

ఇంకో ఇరవై సెకన్లు, వేరే రకం సాక్ష్యం: "ల్యాబ్‌లో ఒక సెమిస్టర్ పాటు జూనియర్లకి మల్టీమీటర్, ఆసిలోస్కోప్ వాడటం నేర్పడంలో సాయం చేశాను. వాళ్లు మళ్లీ మళ్లీ చేసే తప్పుల్ని ఒక పేజీలో రాసి బల్ల దగ్గర పెట్టాను."

ఆఖరి పది పదిహేను సెకన్లు: "మీ ప్రకటనలో బోర్డుల టెస్టింగ్, టెస్ట్ రిపోర్టులు రాయడం అని చూశాను. చిన్న స్థాయిలో ఈ రెండు పనులూ చేశాను, అందుకే ఈ ఉద్యోగానికి అప్లై చేశాను." అంతే, ఇక్కడ ఆగిపోవాలి. "ఇదండీ నా గురించి" అనో "థాంక్యూ ఫర్ దిస్ ఆపర్చునిటీ" అనో సాగదీయక్కర్లేదు.

ఇందులో ఆమె తనని తాను ఒక్కసారి కూడా పొగుడుకోలేదు. అయినా విన్నవాళ్లకి మూడు విషయాలు తెలిశాయి: కారణం ఊహించి వదిలేయకుండా ఒక్కటే మార్చి, మిగతావి అలాగే ఉంచి తేల్చుకుంది, "చేశాం" అనాల్సిన చోట "చేశాం", "చేశాను" అనాల్సిన చోట "చేశాను" అంది, తెలిసింది ఇతరులకి పనికొచ్చేలా రాసి పెట్టింది. ఈ చేశాం, చేశాను దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. మొదటి నుంచి చివరిదాకా "మేం, మేం" అంటే ఇందులో నువ్వు చేసిందేంటి అని వెంటనే అడుగుతారు. అంతా "నేను" అంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఆ జవాబు తర్వాత ఏం అడుగుతారో కూడా దాదాపు ముందే చెప్పొచ్చు. అరగంటే ఎందుకు, పది నిమిషాలు ఎందుకు కాదు? నిలకడగా ఉన్నాయంటే ఎంత తేడా వచ్చింది? కెపాసిటివ్ సెన్సార్ వాడొచ్చు కదా? మట్టిలో తడి నిమిషాల్లో మారిపోయేది కాదు కాబట్టి అరగంట సరిపోయిందని, రీడింగుల తేడా ఇంత అని తను రాసుకున్న అంకెతో సహా, కెపాసిటివ్‌లో లోహం నేరుగా మట్టికి తగలదు కాబట్టి ఈ సమస్య చాలావరకు ఉండదని, మా దగ్గర అప్పటికే ఈ లోహపు పూత సెన్సార్లు ఉన్నాయి కాబట్టి వీటితోనే సరిచేశామని ఆమె చెప్పగలిగితే ఇంటర్వ్యూ ఆమెకి తెలిసిన దారిలోనే నడుస్తున్నట్టు. చెప్పలేకపోతే ఆ భాగం ఇంట్రడక్షన్‌లో ఉండకూడదు. ప్రాజెక్టు పని నిజంగా వేరేవాళ్లు చేసి ఉంటే మీరు చేసింది రిపోర్ట్ రాయడమే అయినా సరే అదే చెప్పండి, లేదా ప్రాజెక్టు వదిలేసి సొంతంగా చేసిన చిన్న పని ఒకటి తీసుకోండి.

బట్టీ పట్టమనడం గురించి. అది ఎలా బయటపడుతుందంటే, మధ్యలో ఎవరైనా "ఒక్క నిమిషం, ఆ సెన్సార్ ఏ రకం?" అని ఆపితే, జవాబు చెప్పాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచి అందుకోలేక మళ్లీ వెనక్కి వెళ్లి వాక్యం మొదటి నుంచి చెప్తారు. వేగం పెరుగుతూ పోతుంది, ప్రతి వాక్యం ఒకే రాగంలో ముగుస్తుంది, ఒక పదం గుర్తు రాకపోతే మొత్తం ఆగిపోతుంది. టెన్షన్ తగ్గుతుందని బట్టీ పడతారు, అది ఇక్కడ పెరుగుతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి వచ్చేలా చూసుకోండి, మొదటిది తడబడకుండా మొదలుపెట్టడానికి, చివరిది ఎక్కడ ఆగాలో తెలియడానికి. మధ్యలో ఉన్నదానికి నాలుగైదు గుర్తులు చాలు: తప్పు రీడింగ్, కొత్త సెన్సార్, తినేసిన పూత, అరగంట, ల్యాబ్ పేజీ. వాక్యాలు ప్రతిసారీ కొంచెం కొంచెం మారాలి, మారితేనే మాట్లాడినట్టు ఉంటుంది.

"ఆగకుండా రెండు నిమిషాలు" అన్నదీ తప్పే. రెండు నిమిషాలు అనేది దాటకూడని హద్దు, నింపాల్సిన కొలత కాదు. ఇంగ్లీషులో మామూలు వేగంతో మాట్లాడితే నిమిషానికి 130 పదాల దాకా వస్తాయి, అంటే రెండు నిమిషాలకి 260 ఉండొచ్చు. రాసుకున్నది 400 పదాలైతే మీరు పరిగెత్తుతారు, వినేవాళ్లు వెనకబడతారు. నిమిషంన్నరలో అయిపోతే హాయిగా ఆగండి. "తేడా కోడ్‌లో లేదు" అన్న చోట ఒక క్షణం ఆగడం వల్ల నష్టం లేదు, వాళ్లు రాసుకునేది అప్పుడే.

ఒక్క విషయంలో ఆ సలహాకి కొంత బలం ఉంది. భాష ఎంత ధారాళంగా వస్తుందో చూడటానికే పెట్టే తొలి రౌండ్లలో తడబాటు లేకుండా మాట్లాడటానికి మార్కులు ఉంటాయి. అక్కడ కూడా పైన చెప్పిన వరసే పనికొస్తుంది, వాక్యాలు చిన్నవి చేసుకుంటే చాలు. హెచ్ఆర్ రౌండ్ అయితే ఎలక్ట్రాలిసిస్ మాట తీసేసి "సెన్సార్ పాడవుతోందని తేల్చాను" అని ముగించి, అందరూ కోడ్‌దే తప్పన్నప్పుడు టీమ్‌ని ఎలా ఒప్పించిందో ఒక వాక్యం కలపాలి. టెక్నికల్ రౌండ్ అయితే ల్యాబ్ పేజీని కుదించి ఆ సమయం సెన్సార్‌కి ఇవ్వాలి.

తయారయ్యాక ఫోన్‌లో రికార్డ్ చేసి, మీ సబ్జెక్టు తెలియని ఫ్రెండ్‌కి వినిపించండి. విన్నాక మీరు ఏం చేశారో తన మాటల్లో చెప్పమనండి, చెప్పలేకపోతే మధ్య భాగం ఇంకా చిక్కుగా ఉన్నట్టు. తర్వాత మీ సబ్జెక్టు తెలిసినవాళ్లకి వినిపించి, ప్రతి వాక్యానికి ఒక "ఎందుకు?" అడగమనండి. జవాబు రాని వాక్యాన్ని కొట్టేసి, మిగిలినదానితో మళ్లీ టైమ్ చూసుకోండి.