తొమ్మిదిలో సగం నాలుగు కాదు

ఇప్పుడే మా మేనకోడలు ఫోన్ పెట్టేసింది. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

బీటెక్ ఇంటర్నల్ పరీక్షలో గ్రాఫ్ థియరీ ప్రశ్న. 9 మంది ఉన్నారు, ప్రతి ఒక్కరికీ మిగతావాళ్లలో కనీసం 4 మంది తెలుసు. అందరికీ అటూ ఇటూ తెలిసినవాళ్లే వచ్చేలా గుండ్రటి బల్ల చుట్టూ తప్పకుండా కూర్చోబెట్టగలమా? అంటే హామిల్టోనియన్ సైకిల్ ఉండి తీరుతుందా అని. పిల్ల "తప్పకుండా అని చెప్పలేం" అని రాసి, కుదరని బొమ్మ కూడా గీసింది. సున్నా వేశారు. కీలో ఏముందట? "డిరాక్ సిద్ధాంతం ప్రకారం సగం, అంటే 4 ఉంటే చాలు, కాబట్టి కుదురుతుంది."

తొమ్మిదిలో సగం నాలుగున్నర అండీ! సి ప్రోగ్రాములో `9/2` అని కొడితే 4 వస్తుంది, నిజమే. సిద్ధాంతాన్ని అలా కోసేస్తే ఎలా? గణితవేత్త గాబ్రియేల్ డిరాక్ 1952లో చెప్పింది, మనుషుల లెక్క n కనీసం 3 అయినప్పుడు ప్రతి శీర్షం డిగ్రీ, అంటే ఒక్కొక్కరికి తెలిసినవాళ్ల లెక్క, n/2కి తగ్గకపోతే సైకిల్ ఉంటుందని. మనుషుల్లో సగాలుండవు కాబట్టి 9కి అది 5. 8 మందికి 4 చాలు, 9 మందికి చాలదు. ఆ ఒక్క అంకెలోనే మొత్తం విషయం ఉంది.

పిల్ల గీసిన బొమ్మ చూడండి. పెళ్లికూతురి వైపు 4గురు, పెళ్లికొడుకు వైపు 4గురు, మధ్యలో సంబంధం కుదిర్చినాయన. ఏ వైపు వాళ్లు ఆ వైపు వాళ్లందరికీ తెలుసు, ఆయనకి ఎనిమిదిమందీ తెలుసు. ప్రతి ఒక్కరికీ కనీసం 4 పరిచయాలు వచ్చాయి కదా? బల్ల చుట్టూ తిరిగితే ఆ వైపు నుంచి ఈ వైపుకి ఒకసారి దాటాలి, మళ్లీ వెనక్కి దాటాలి. రెండుసార్లూ మధ్యలో ఆయనే కావాలి. ఆయన ఒక్కడే. ఇంతకన్నా ఏం రాయాలి?

ఇంకొకటీ ఉంది. 5గురు ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు, కానీ మిగతా 4గురూ వాళ్లందరికీ తెలుసు. ఆ 5గురిలో ఏ ఇద్దరూ పక్కపక్కన కూర్చోకూడదు, కాబట్టి వాళ్ల మధ్య 5 ఖాళీలు నింపాలి. నింపడానికి ఉన్నది 4గురే. ఆ 4గురూ తమలో తాము ఎంత స్నేహంగా ఉన్నా లాభం లేదు.

ఎందుకు ఒక్కదానితో తప్పిపోతుందో రుజువులోనే కనిపిస్తుంది, ఎవరైనా చూపిస్తే! 9 మందినీ తెలిసినవాళ్ల పక్కన తెలిసినవాళ్లు వచ్చేలా వరసగా నిలబెట్టాం అనుకోండి. రెండు చివరలవాళ్లకీ పరిచయం లేదు. వరసలో సందులు 8. మొదటివాడికి తెలిసిన ప్రతి మనిషికీ ఎడమ పక్క సందులో ఒక గుర్తు పెట్టండి. చివరివాడికి తెలిసిన ప్రతి మనిషికీ కుడి పక్క సందులో ఇంకో గుర్తు. ఏదైనా సందులో రెండు గుర్తులూ పడ్డాయా, వరసని అక్కడ తెంపండి. సందుకి కుడివైపు మనిషిని మొదటివాడితో, ఎడమవైపు మనిషిని చివరివాడితో కలిపితే బల్ల పూర్తయినట్టే. ఇద్దరికీ కలిపి 9 గుర్తులుంటే 8 సందుల్లో ఎక్కడో రెండు పడక తప్పదు. ఓరె అనే గణితవేత్త 1960లో చెప్పిన షరతు ఇదే, పరిచయం లేని ఏ ఇద్దరి డిగ్రీలు కలిపినా కనీసం n ఉండాలని. 4, 4 కలిపితే 8. ఒక్కో సందులో ఒక్కోటి సర్దుకుని కూర్చుంటాయి. పెళ్లి బొమ్మలో మొదటి 4 సందులూ ఒకడివి, చివరి 4 ఇంకొకడివి. రెండో బొమ్మలో బేసి సందులు ఒకడివి, సరి సందులు ఇంకొకడివి. ఒక్క గుర్తు తక్కువై ఆగిపోయింది!

మాకూ ఇలాగే జరిగింది, ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. మా లెక్చరర్ బోర్డు మీద ఈ సిద్ధాంతాన్ని రెండు లైన్లలో రాసి, "డిగ్రీ సగానికి తగ్గితే సైకిల్ ఉండదు" అని కూడా రాయించారు. 9 మంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే ఒక్కొక్కరి డిగ్రీ 2. అదే సైకిల్! షరతు ఉంటే సైకిల్ ఖాయం, లేకపోతే ఖాయం కాదు, అంతే. "ఉండదు" అని ఎవరన్నారు? ఆ రోజు లేచి అడిగితే కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

"మావయ్యా, పోనీలే, 5 మార్కులేగా" అంటోంది ఇది. పోనివ్వను. రెండు బొమ్మలూ, 8 సందుల లెక్కా తెల్లకాగితం మీద రాయించాను. రేపు ఉదయం మొదటి పీరియడ్ కాకముందే ఆ కాగితం సార్ టేబుల్ మీద ఉంటుంది.