తెల్లగా చేసిస్తే తప్పేంటి అనేవాళ్లకు

“కెమెరా ఎలాగూ ఉన్నది ఉన్నట్టు చూపించదు. పాత స్టూడియోల వాళ్లూ టచింగ్ చేసినవాళ్లే. కస్టమర్ తెల్లగా, నున్నగా కావాలంటే చేసివ్వడమే ఫోటోగ్రాఫర్ పని. దానివల్ల ఎవరికీ పోయేదేమీ లేదు.”

పిల్లలూ, మన క్లబ్‌లో చాలామంది ఫోన్లలో ఈ మెసేజ్ తిరుగుతోంది. మీలో కొందరు ఈ పెళ్లిళ్ల సీజన్‌లో అసిస్టెంట్లుగా వెళ్తున్నారు కాబట్టి ఒక్కో మాటకూ ఇవాళే జవాబు చెబుతాను.

మొదటి మాటలో సగం నిజముంది. కెమెరా తప్పు చూపిస్తుంది. కానీ ఆ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు, దాన్ని సరిదిద్దే పద్ధతీ తెలుసు. ముహూర్తం వేళ పీటల మీద కూర్చున్న పెళ్లికూతుర్ని తీసుకుందాం. అమ్మాయి చామనఛాయ కంటే కాస్త నలుపు. కట్టుకున్నది తెల్లటి మధుపర్కం, పక్కన పెళ్లికొడుకు ఒంటి మీదా అదే తెలుపు. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం తెల్లబట్టే. కెమెరా మీటర్‌కు అది తెల్లబట్ట అని తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి చూస్తే మధ్యస్థమైన బూడిద రంగు రావాలన్న లెక్కతో ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. దాంతో మధుపర్కం మాసినట్టు పడుతుంది, అమ్మాయి ముఖం అసలు కంటే నల్లగా పడుతుంది. తర్వాత ఎడిటింగ్‌కు కూర్చున్నతను ఆ ముఖాన్నే అసలు రంగనుకుని వైట్‌నింగ్ స్లైడర్ లాగుతాడు. మీటర్ చేసిన తప్పు కాస్తా అమ్మాయి రంగులోని లోపమైపోతుంది.

చేయాల్సింది చాలా చిన్న పని. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచండి, రా ఫైల్‌లో తీయండి. బట్ట మీద వెలుతురు కాస్త ఎక్కువైనా తర్వాత దింపుకోవచ్చు. స్క్రీన్ మీద హైలైట్ హెచ్చరిక జరీ అంచు మీద మిణుకుమన్నా పర్లేదు, నుదుటి మీద మాత్రం మిణుకుమనకూడదు. లైట్లు మారిన ప్రతిసారీ గ్రే కార్డుతో ఒక ఫ్రేమ్ తీసుకోండి. ముఖానికి పసుపు రాసి ఉంటే మరీ జాగ్రత్త. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును బల్బు కాంతి అనుకుని తీసేయబోతే, చర్మం బూడిద పూసినట్టు నిర్జీవంగా తయారవుతుంది. ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టేటప్పుడు పందిరి గుడ్డ రంగేమిటో చూసుకోండి. గులాబీ రంగు గుడ్డకు తగిలి వచ్చిన వెలుతురు ముఖాన్నీ గులాబీ చేస్తుంది.

ఇంతా చేశాక సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ముఖం ఒక్కటే చూస్తే చాలదు. చెవులు, మెడ, చేతులు చూడండి. తాళి కట్టే ఫోటోలో మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు ఉంటే ఎవరో ముఖాన్ని విడిగా తెల్లబరిచారన్నమాట. అన్నీ ఒకేలా తెల్లబడితే పక్కనున్న వాళ్ల అమ్మను చూడండి. ఆవిడా రంగు మారి ఉంటుంది.

ముక్కు, దవడ చెక్కే లిక్విఫై సంగతీ ఇంతే. ముఖం ఆకారం తేడాగా పడేది చాలావరకు దూరం వల్ల. 30 సెంటీమీటర్ల దగ్గర నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, మీటరున్నర దూరం నుంచి తీసిన దానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. రెండు మీటర్లు వెనక్కి జరిగి 85 మిల్లీమీటర్ల లెన్స్ వాడితే ఆ ముక్కు తన అసలు కొలతకు వస్తుంది. చెక్కితే ఏమవుతుందో తెలుసు కదా, వెనకున్న గుమ్మం అంచో, చీర అంచో వంకరపోయి పట్టించేస్తుంది.

ఇక పాత స్టూడియోలు. టచింగ్ పాతదే, అందులో సందేహం లేదు. మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టాంగ్ల్ నెగెటివ్ మీద దిద్దిన చిత్రాలను 1855 పారిస్ ఎగ్జిబిషన్‌లోనే చూపించాడు. అయితే వాళ్ల చేతికి పెన్సిల్ ఎందుకొచ్చిందో ఈ మెసేజ్ రాసినవాళ్లు చెప్పరు. ఆ రోజుల ప్లేట్లు నీలం కాంతినే బాగా పట్టేవి, ఎరుపును దాదాపు పట్టేవి కావు. చర్మం మీద చిన్న ఎర్రటి పొక్కు ఉన్నా ప్రింట్‌లో నల్లటి మచ్చయ్యేది. ముఖం మీద లేని నలుపు ఫోటోలో వచ్చేది. గాజు ప్లేటును వాలుబల్ల మీద పెట్టి, కింద నుంచి వెలుతురు వచ్చేలా చేసి, సన్నటి పెన్సిల్ మొనతో చుక్కచుక్కగా దిద్దేవాళ్లు. ప్లేటు చేసిన తప్పును సరిచేయడం ఆ పనిలో పెద్ద భాగం. ఎరుపును కూడా పట్టే పాన్‌క్రొమాటిక్ ప్లేట్లు 1906లో గానీ అమ్మకానికి రాలేదు. ముడతలన్నీ చెరిపేసి ముఖాన్ని బొమ్మలా చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, నిజమే. అది అప్పుడూ చెడ్డ పనే. పాతదైనంత మాత్రాన మనం ఎత్తుకోనక్కర్లేదు.

మూడో మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. కస్టమర్ అంటే ఎవరు? డబ్బిచ్చేది నాన్నో, అన్నయ్యో. “పిల్లను కాస్త తెల్లగా చేయండి బాబూ” అని అడిగేది పెద్దమ్మ. ఫోటోలో ఉన్న అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు. మీరు ఆమెనే అడగండి, ఎడిటింగ్ మొదలుపెట్టకముందే, పక్కన నలుగురూ లేనప్పుడు.

అడగాల్సిందేమిటో తేల్చుకోవడానికి మా వృత్తిలో చాలామంది పాటించే పద్ధతి ఒకటుంది. రెండు వారాల్లో దానంతటదే పోయేదైతే తీసేయొచ్చు. మొటిమ, దోమకాటు, గీరుకున్న గాటు, ముఖం మీద పడ్డ వెంట్రుక, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఎప్పటికీ ఉండేదైతే ఆ మనిషి చెప్పేదాకా ముట్టుకోకూడదు. పుట్టుమచ్చ, కాలిన మచ్చ, బొల్లి, ఒంటి రంగు ఈ రెండో లెక్క. పదో తరగతి సర్టిఫికెట్ మీద మనల్ని గుర్తుపట్టడానికి రాసేవే పుట్టుమచ్చలు, అలాంటివాటిని అడగకుండా ఎలా చెరిపేస్తాం? కళ్ల కింద నలుపు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. రాత్రంతా నిద్రలేక పెరిగింది కొంత, ఎప్పుడూ ఉండేది కొంత. దాన్ని వేరే లేయర్ మీద దిద్ది, ఆ లేయర్ ఒపాసిటీని 40 శాతానికి దించండి. పూర్తిగా పోతే కళ్లు అతికించినట్టుంటాయి. హీలింగ్ బ్రష్ కూడా ఎప్పుడూ వేరే లేయర్ మీదే వాడండి. చివర్లో 100 శాతం జూమ్ చేసి చెంప మీద రంధ్రాలు కనబడుతున్నాయా చూడండి. కనబడకపోతే మీరు మచ్చ తీయలేదు, చర్మాన్నే తీసేశారు.

ఇక నష్టం లేదన్న మాట. సంబంధాల కోసం పంపే ఫోటో సంగతి ఆలోచించండి. రెండు షేడ్లు తెల్లబరిచి మీరు పంపేస్తారు. ఆ ఫోటో చూసి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు హాల్లో కూర్చుని, “ఫోటోలో ఇంకాస్త రంగున్నట్టుందే” అని అమ్మాయికి వినబడేలానే అంటారు. స్లైడర్ లాగింది మీరు, ఆ మాట పడేది ఆమె. నార్వేలో 2022 జూలై నుంచి, శరీరాన్నో చర్మాన్నో ఎడిట్ చేసిన ప్రకటనల మీద ఆ సంగతి తెలిపే గుర్తు తప్పనిసరి. నష్టం లేనిదానికి ఒక దేశం చట్టం చేయదు కదా.

స్టూడియో ఓనర్ చేయమంటే ఏం చేయాలని నిన్న ఒకరు అడిగారు. జీతం ఇచ్చేవాళ్లతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. ముందు మీటరింగ్, వైట్ బ్యాలెన్స్ సరిచేసిన ఫోటోను ఓనర్‌కు చూపించండి. తెల్లబరచమని అడిగే చాలామందికి నిజానికి కావాల్సింది ముఖం మీద వెలుతురు. అప్పటికీ వినకపోతే కాపీ మీదే చేయండి, అసలు ఫైల్‌ను మాత్రం చెరపకండి. ఆల్బమ్ ఇచ్చే రోజు ఆ అమ్మాయికి రెండూ ఉన్నాయని చెప్పండి.