ఆ ‘సంథింగ్’ని ఏం చేద్దాం?

అమెరికాలో రైలో బస్సో ఎక్కే మనలో ‘ఇఫ్ యు సీ సంథింగ్, సే సంథింగ్’ అన్న మాట చూడనివాళ్లు తక్కువ. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడు అలెన్ కే అనే న్యూయార్క్ ప్రకటనల రచయిత రాసుకున్న వాక్యం అది. తర్వాత ఆ నగర రవాణా సంస్థ ఎం.టి.ఏ. దాన్ని వాడుకలోకి తెచ్చింది. 2010లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ దేశమంతా తిప్పింది. ఆ మధ్య ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు భద్రత గురించి వేస్తున్న పోస్టరు కోసం దీన్ని తెలుగు చేసిపెట్టమని నన్ను అడిగారు. ఆరు మాటలే కదా, పది నిమిషాల పని అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

వాళ్ల దగ్గర అప్పటికే ఒక తెలుగు వాక్యం ఉంది: ‘మీరు ఏదైనా చూస్తే, ఏదైనా చెప్పండి.’ ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. నిఘంటువు తీసి సరిచూసుకోవచ్చు. కానీ పైకి చదివితే నవ్వొస్తుంది. ‘ఏదైనా చెప్పండి’ అని మనం ఎప్పుడంటాం? ఎదుటివాళ్లు మౌనంగా కూర్చుంటే, ఊసుపోక కాసేపు మాట్లాడమని అంటాం. పోనీ ‘ఏదో’ అని మారిస్తే ఇంకా ఘోరం. ‘ఏదో చూసి ఏదో చెప్పాడు’ అంటే వాడి మాట నమ్మొద్దని అర్థం. పోలీసులకు నమ్మదగ్గ సమాచారం ఇవ్వమని అడిగే పోస్టరు కాస్తా, నోటికొచ్చింది చెప్పమంటోంది!

ఇంగ్లీషులో ఆ రెండు ‘సంథింగ్’లూ ఒకటి కావు. మొదటిది అనుమానించదగ్గదాన్ని పేరు పెట్టకుండా సూచిస్తుంది. రెండోదానికి విడిగా పెద్ద అర్థమేమీ లేదు. ‘సే సంథింగ్’ అంతా కలిపి ‘నోరు విప్పు’ అనే నుడికారం. చూపుకు ఒకేలా ఉండి రెండు పనులు చేయడమే దాని అందం. మన ‘ఏదైనా’ ఆ రెండు పనుల్లో ఒక్కటీ చేయదు.

‘చూస్తే’తో ఇంకో తంటా. తెలుగులో చూడటం మనం కావాలని చేసే పని. అనుకోకుండా కళ్లబడితే ‘నాకు కనిపించింది’ అంటాం. ‘మీరు ఏదైనా చూస్తే’ అంటే పనిగట్టుకుని వెతుకుతున్నట్టుంటుంది. పక్కవాళ్లమీద నిఘా పెట్టమని ఎవరూ అడగలేదు కదా!

అందుకే నినాదానికి మామూలు అనువాదం చాలదని, ట్రాన్స్‌క్రియేషన్ కావాలని అంటారు. తెలుగులో అనుసృజన అనే మాట ఉంది. దీన్ని చాలామంది ఇష్టమొచ్చినట్టు తిరగరాయడం అనుకుంటారు. నా దృష్టిలో ఇది మాటకు మాట అనువాదం కంటే కట్టుదిట్టమైన పని. అనువాదానికి అందులోని మాటలే హద్దు. ఇక్కడ ఆ వాక్యం ఎవరి చేత, ఏ క్షణాన, ఏ పని చేయించాలి అన్నది హద్దు. మా పోస్టరుకు అది ఇలా తేలింది: ప్రయాణంలో ఉన్న మనిషి మనసులో ‘మనకెందుకులే’ అన్న తటపటాయింపు ఉంటుంది. దాన్ని దాటించి ఫోన్ చేయించాలి, భయపెట్టకూడదు, ఏ మనిషి మీదా వేలు చూపించకూడదు. ఇంతే. ఇవి రాసుకున్నాకే పెన్ను తీయాలి.

మొదట నాకు తట్టింది ‘కనిపిస్తే వినిపించండి’. ఎంత బాగుందో! ప్రాస కుదిరింది, రెండే మాటలు. ఒక పూటంతా దానితోనే మురిసిపోయాను. సాయంత్రం మా ఇంట్లోవాళ్లకు చదివి వినిపిస్తే ‘ఏం పాట?’ అన్నారు. నిజమే, వినిపించమంటే మనకు గుర్తొచ్చేది పాటో పద్యమో. ఈ పనిలో అందరం పడే గొయ్యి ఇదే. ప్రాస దొరికిందంటే అర్థం కూడా దొరికినట్టే ఉంటుంది.

తర్వాత ‘కంటపడితే చెవిన వేయండి’ రాశాను. కంటపడటంలో అనుకోకుండా చూడటం ఉంది, కన్నూ చెవీ జతపడ్డాయి, అచ్చమైన నుడికారం. కానీ చెవిన వేయడం నెమ్మదిగా, గుట్టుగా చేసే పని. సంబంధం సంగతి పెదనాన్న చెవిన వేస్తాం గానీ, రైల్లో ఎవరిదో తెలియని సంచి సంగతి అంత తీరిగ్గా ఎవరి చెవిన వేస్తాం? పైగా ఏది కంటపడితే? అనుమానం సంగతే ఇందులో లేదు.

అనుమానానికి మనం రోజూ వాడే మాట ‘తేడా’. ‘ఎక్కడో తేడా కొడుతోంది’ అంటే పేరు పెట్టకుండానే విషయం అర్థమవుతుంది. ఇంగ్లీషులో మొదటి ‘సంథింగ్’ చేసిన పని ఇదే. అలా మూడోది వచ్చింది: ‘తేడాగా ఉందా? చెప్పేయండి.’ ఇక్కడ ‘చెప్పండి’కీ ‘చెప్పేయండి’కీ మధ్య చాలా దూరం ఉంది. ఫోనెత్తి ‘చెప్పండి’ అంటాం, అందులో తొందరేమీ లేదు. ‘చెప్పేయండి’లోని ఆ ఒక్క ‘ఏ’ మాత్రం ఇక ఆలోచించకండి, మనసులో పెట్టుకోకండి అంటుంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. ‘వాడు తేడా’ అని మనుషుల్ని చులకన చేసే వాడుక మనలో ఉంది. ‘తేడాగా ఉందా?’ అని వదిలేస్తే కొందరి కళ్లు పక్క సీట్లో మనిషి గడ్డం మీదికో, ఒంటిమీది బట్టల మీదికో పోతాయి. అందుకని ‘ఉందా’ తీసేసి ‘అనిపించిందా’ అన్నాను. అప్పుడు సంగతి ఎదుటి మనిషి నుంచి మన మనసులోకి వస్తుంది. ముందు ‘ఏదో’ చేర్చాను. ‘ఎవరో’ కాదు, ‘ఏదో’. చివరికి తేలింది ఇది:

‘ఏదో తేడాగా అనిపించిందా? చెప్పేయండి.’

పని ఇచ్చిన సంస్థలో తెలుగు చదవలేని పెద్దలు కూడా ఒప్పుకోవాలి కాబట్టి ఇలాంటి పనిలో తెలుగు వాక్యం కింద దాని అర్థాన్ని తిరిగి ఇంగ్లీషులో రాసివ్వాలి. ఎందుకలా రాశామో రెండు ముక్కల్లో చెప్పాలి. చాలా నినాదాలు చచ్చిపోయేది ఇక్కడే. ‘సీ ఏది? రెండో సంథింగ్ ఏమైంది?’ అని ఒక్కో మాటకూ టిక్కు పెట్టుకుంటూ పోతారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల చేతిలో ఉన్న కొలబద్ద అదొక్కటే. నేను ఇంకోటి ఇచ్చాను: ఇంగ్లీషు నినాదం చూపించకుండా ఓ నలుగురు తెలుగువాళ్లకు ఈ వాక్యం చదివి వినిపించండి, ‘ఏం చేయమంటున్నారు?’ అని అడగండి. జవాబు ‘అనుమానమొస్తే ఫోన్ చేయమంటున్నారు’ అని వస్తే సరిపోయినట్టు. ‘ఇంకోసారి చదవండి’ అన్నారంటే నాదే తప్పు.

వాళ్లను ఒప్పించడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ కూడా ఒకటి చెప్పాను. సబ్బుపొడి ప్రకటనలో ‘డర్ట్ ఈజ్ గుడ్’ అన్నది మన దగ్గరికి ‘మరక మంచిదే’ అని వచ్చింది. ‘మురికి మంచిది’ అని ఉంటే ఏ తల్లీ ఆ డబ్బా ముట్టుకునేది కాదు. మురికి మరక అయింది. దాంతో ఒళ్లు వదిలి చొక్కా మీదికి వచ్చింది, ఉతికితే పోయేదైంది. ‘మంచిదే’లోని చివరి ‘ఏ’ అయితే, మరకలు చూసి తిట్టబోతున్న అమ్మకు ముందే అడ్డుపడుతుంది. ఇంగ్లీషు వాక్యంలో ఆ అమ్మ లేదు.

మా వాక్యానికి ఆమోదం వచ్చింది. వాళ్లకు అందులో బాగా నచ్చింది ‘ఏదో’. ‘సంథింగ్ పోలేదన్నమాట’ అని సంతోషపడ్డారు. అది వేరే కారణంతో వచ్చిందని చెప్పబోయి ఊరుకున్నాను. నినాదం కింద ఏ నంబరుకు ఫోన్ చేయాలి, స్థలం, సమయం, చూసిన వస్తువు గురించి ఏమేం చెప్పాలి అని చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలున్నాయి. వాటిని మాత్రం మాటకు మాట తెలుగు చేసి, అంకెలు రెండుసార్లు సరిచూసి ఇచ్చాను.