కెమెరా తరువాత, ముందు శ్రుతి వినపడనివ్వండి

నా దగ్గర చిన్నప్పుడు పాట నేర్చుకున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "టీచర్ గారూ, యూట్యూబ్‌లో లైవ్ క్లాసులు మొదలుపెట్టానండీ. 70 వేలు పెట్టి కెమెరా, లైట్లు కొన్నాను. 30 మంది దాకా వస్తున్నారు, పది నిమిషాలకే వెళ్లిపోతున్నారు. ఏం చేయాలో తోచడం లేదు" అంది. ఆ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆమె క్లాసు మొత్తం విన్నాను. బొమ్మ అద్దంలా ఉంది. శ్రుతి మాత్రం లేదు. పక్కన తంబురా పెట్టె మోగుతూనే ఉందట, మనకి మాత్రం చేరడం లేదు. తారస్థాయి షడ్జమం మీద నిలిచినప్పుడల్లా రెండు సెకన్లకే గొంతు నీళ్లలో మునిగినట్టు అణిగిపోతోంది.

నాకు నిజంగా కోపం వచ్చింది, ఆమె మీద కాదు. కెమెరా అమ్మిన కొట్టువాడు, సలహాలిచ్చిన నలుగురు, ఒక్కరైనా "నువ్వు నేర్పేది సంగీతం కదమ్మా, ఒకసారి విని చూశావా?" అని అడగలేదు.

లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో మైకుకి Noise Suppression అనే ఫిల్టర్ ఉంటుంది. మాటలు స్పష్టంగా వినిపిస్తాయని అందరూ పెట్టుకోమంటారు. దాని పని ఏమిటంటే, మాట కాని శబ్దాన్ని, ముఖ్యంగా మారకుండా మోగే శబ్దాన్ని, ఫ్యాను చప్పుడనుకుని తీసేయడం. తంబురా పని మారకుండా మోగడమే కదా! నిలిపి పట్టిన స్వరమూ దానికి ఫ్యాను లాంటిదే. గేమ్ ఆడుతూ కబుర్లు చెప్పేవాళ్లకి ఆ ఫిల్టర్ వరం. మనకి మాత్రం అది పాఠాన్నే తినేస్తుంది. తీసేయండి. ఫ్యాను చప్పుడు ఎక్కువైతే డైనమిక్ మైకు తీసుకుని నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టుకోండి. దూరంగా పెట్టిన కండెన్సర్ మైకు విజయవాడ ఎండాకాలంలో ఫ్యానునీ, వీధిలో హారన్‌నీ కూడా పాఠంలోకి తెచ్చేస్తుంది.

ఇంకో తప్పు చాలామంది క్లాసుల్లో విన్నాను. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో మైకు ఒకటో రంధ్రానికి, శ్రుతి రెండో రంధ్రానికి పెడతారు. అప్పుడు గొంతు ఎడమ చెవిలో, శ్రుతి కుడి చెవిలో వస్తాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే రెండూ కలిసిపోతాయి కాబట్టి మనకి తెలియదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న పిల్లకి మాత్రం ఒక చెవిలో పాట, ఇంకో చెవిలో తంబురా. ఓబీఎస్‌లో Advanced Audio Properties లోకి వెళ్లి Mono పక్కన టిక్కు పెడితే సరిపోతుంది. క్లాసుకి ముందు రెండు నిమిషాలు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. తారస్థాయిలో పాడినప్పుడు మీటరు పసుపు రంగులోనే ఉండాలి. ఎరుపులోకి పోతూ ఉంటే మైకు గెయిన్ తగ్గించుకోవాలి. బొమ్మకి 720p చాలు, ఫోన్ కెమెరా చాలు. తాళం వేసే చెయ్యి కనపడాలి, అంతే.

ఆమె మరో పని కూడా చేసింది. క్లాసు అయ్యాక వీడియో దాచేసింది, "లైవ్‌కి వచ్చినవాళ్లకే దక్కాలి" అని. ఒక్కసారి లెక్క వేసుకోండి. మెంబర్‌షిప్‌లు, సూపర్ చాట్ తెరుచుకోవాలంటే 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 పబ్లిక్ వీడియోలు, 12 నెలల్లో 3,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్ దారి వేరే ఉంది, దాని సంగతి వదిలేద్దాం). లైవ్‌లో 15 మంది 40 నిమిషాలు కూర్చుంటే 10 గంటలు. వారానికి రెండు క్లాసులంటే 20 గంటలు. ఆ లెక్కన 3,000 గంటలకి 150 వారాలు! లైవ్ ఒక్కటే నమ్ముకుంటే ఆ గేటు దగ్గరే ఆగిపోతాం. తర్వాత వెతుక్కుని చూసేవాళ్లే ఆ గంటలు నింపాలి. ప్రైవేటుగానో అన్‌లిస్టెడ్‌గానో పెడితే ఆ గంటలు లెక్కలోకే రావు.

అందుకే పాఠం మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. "ఇంకా కొంతమంది రావాలి, ఆగుదాం, అందరికీ నమస్కారం" అంటూ పది నిమిషాలు గడిపితే రేపు చూసేవాడు రెండో నిమిషంలోనే పోతాడు. ఒక క్లాసుకి ఒకే పాఠం, పేరు కూడా అదే: "జంట స్వరాలు మొదటి వరుస, మూడు కాలాలు". "శనివారం లైవ్ 12" అని పెడితే వెతికేవాళ్లకి ఎలా దొరుకుతుంది?

చాట్ ఆలస్యం గురించి కూడా చెప్పాలి. మనం అడిగింది వాళ్లకి చేరి, జవాబు వచ్చేసరికి పది, పదిహేను సెకన్లు పడుతుంది. ఆ మౌనంలో చాలామంది టీచర్లు కంగారుపడి కబుర్లలోకి దిగుతారు. నేనేం చేస్తానంటే, "ఎవరికి గాంధారం దగ్గర తడబడింది?" అని అడిగి, వెంటనే సరళీ వరుస ఒకసారి పాడతాను. ఒకటో కాలంలో ఆరోహణ అవరోహణ కలిపి ఆదితాళం రెండు ఆవర్తాలు, నిదానంగా వేస్తే 16 సెకన్లు. పాట పూర్తయ్యేసరికి జవాబులు వచ్చేసి ఉంటాయి.

ఇక వేళ. నా క్లాసుకి వచ్చేవాళ్లలో సగం మంది అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు, చిన్నప్పుడు ఆపేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు. చలికాలంలో శనివారం ఉదయం 7:30 అంటే న్యూజెర్సీలో శుక్రవారం రాత్రి 9, డాలస్‌లో 8. పిల్లలు పడుకుని ఇల్లు సద్దుమణిగే వేళ. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం గంట ముందుకు జరుగుతుంది. నేను 7:30 దగ్గరే ఉంటే న్యూజెర్సీకి రాత్రి 10 అవుతుంది. మొదటి ఏడాది అలాగే ఉండిపోయాను. ఏప్రిల్ వచ్చేసరికి మనుషులు సగానికి తగ్గారు, పాఠం బాగాలేదేమోనని బాధపడ్డాను. ఇప్పుడు మార్చి నుంచి 6:30కి, నవంబరు మొదటి ఆదివారం దాటాక మళ్లీ 7:30కి మారుస్తాను. రెండు వారాల ముందే చెబుతాను.

డబ్బు సంగతి. సూపర్ చాట్‌ని నమ్ముకోవద్దు. పండక్కి వస్తుంది, మామూలు వారం రాదు. పైగా డబ్బు పంపినవాళ్లు కోరిన పాట పాడడం మొదలుపెడితే అది పాఠం కాకుండా పోతుంది. నాకు నిలకడగా వచ్చేది మెంబర్‌షిప్. నెలకు 159 రూపాయలు. దానికి నేనిచ్చే మాట ఒక్కటే: ప్రతి మెంబర్ పాడిన రికార్డింగ్ నెలకు ఒకసారి విని, మెంబర్ల లైవ్‌లో దిద్దుతాను. 40 మంది, వారానికి పది మంది, మనిషికి ఐదు నిమిషాలు, అంటే 50 నిమిషాలు. దిద్దుబాటు ఒక్కటే వీడియోలో దొరకనిది, అందుకే వాళ్లు నిలుస్తారు. 40 మందికి 6,360 రూపాయలు. పన్నులు, ఫీజులు పోగా మిగిలినదాంట్లో 70 శాతం మనది, అంటే 4,452కి తక్కువే. అదీ 100 డాలర్లు చేరాకే బ్యాంకుకి వస్తుంది. 80 మంది చేరితే నాకు వారానికి ఇంకో 50 నిమిషాలు కావాలి, లేదా మాట తప్పాలి. "లైవ్ పెడితే నెలకు లక్షలు" అని చెప్పేవాళ్లు ఈ 50 నిమిషాల ఊసే ఎత్తరు. వాళ్ల మాట నమ్మి ఉద్యోగం మానేసిన పిల్లల్ని చూశాను, కడుపు తరుక్కుపోతుంది.

ఫోన్ చేసిన ఆ అమ్మాయి ఫిల్టర్ తీసేసి, Mono టిక్కు పెట్టి, నిన్న మూడు నిమిషాల రికార్డింగ్ పంపింది. మాయామాళవగౌళ, జంట స్వరాలు. కింద తంబురా నిండుగా ఉంది, తారషడ్జమం చివరిదాకా నిలిచింది. వచ్చే శనివారం 6:30కి మొదటి నిమిషంలోనే "స" అందుకోమన్నాను.