టీకా కార్డు కోసం ఎదురుచూడొద్దు

ఆగస్టు మూడో వారంలో అమెరికాలో తరగతులు మొదలయ్యే విద్యార్థికి విశ్వవిద్యాలయం పంపిన టీకాల ఫారం తీరా జులైలో గుర్తుకొస్తుంది. అప్పుడు చెన్నైలోని తెలుగు కుటుంబాలు నెల్లూరులోనో చిత్తూరులోనో ఉన్న బంధువులకు ఫోన్లు చేసి, చిన్ననాటి టీకా కార్డు కోసం ట్రంకుపెట్టెలు వెతికిస్తున్నాయి. వెతకడం తప్పు కాదు గానీ, దానికోసం టీకాను ఆపడం మాత్రం తప్పేనని మా అభిప్రాయం.

2004లో పుట్టి, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న విద్యార్థినే తీసుకుందాం. ఆనాటి ప్రభుత్వ పట్టికలో తట్టుకు తొమ్మిదో నెలలో ఒక్క డోసే ఉండేది. ఏడాది నిండకముందు వేసినది కాబట్టి అమెరికా నిబంధనల ప్రకారం అది లెక్కలోకి రాదు. 2017 ఫిబ్రవరిలో తమిళనాడు బడుల్లో వేసిన తట్టు-రుబెల్లా టీకా ఒక డోసుగా చెల్లుతుంది. కానీ అందులో గవదబిళ్లల టీకా లేదు. అంటే కార్డు దొరికినా కొరత తీరదు. మూడు జబ్బులకూ కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు, కనీసం 28 రోజుల ఎడంతో వేయించుకోవాల్సిందే. ఇదివరకే వేసి ఉన్నా మళ్లీ వేయించుకుంటే హాని లేదు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి మాత్రం ఈ టీకా పనికిరాదు.

రక్తంలో ఐజీజీ పరీక్ష చేయించి రోగనిరోధకతను చూపే దారి కూడా ఉంది, చాలా విశ్వవిద్యాలయాలు దానిని ఒప్పుకుంటాయి. అయితే మూడింటిలో ఏ ఒక్కదానికి ఫలితం చాలకపోయినా టీకా తప్పదు, ఈలోగా గడిచిన రోజులు తిరిగిరావు. క్షయ పరీక్ష అడిగితే బీసీజీ ప్రభావం పడే చర్మ పరీక్షకు బదులు ఐజీఆర్‌ఏ రక్త పరీక్ష మేలు. దానికి రక్తం ఎంఎంఆర్ వేయించుకునే రోజే ఇవ్వాలి, లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగాలి.

ఆఫ్రికా దేశాలకు పనికి వెళ్లేవారి సంగతి వేరు. పచ్చజ్వరం టీకా పత్రం వేసిన పదో రోజు నుంచి జీవితాంతం చెల్లుతుంది కనుక, పత్రం పోగొట్టుకున్నవారు మళ్లీ సూది కోసం పరుగెత్తకుండా, టీకా వేసిన కేంద్రంలోనే పాస్‌పోర్టు చూపి నకలు అడగాలి.

ఇక ఆసుపత్రుల బాధ్యత. జులై 10న మొదటి డోసు, ఆగస్టు 7న రెండోది వేసి, ధ్రువపత్రంలో 10-07, 07-08 అని రాసిస్తే, నెలను ముందు చదివే అమెరికా గుమాస్తాకు మొదటిది అక్టోబరు 7గా, రెండోది జులై 8గా కనిపిస్తుంది, ఫారం తిరిగొస్తుంది. నెల పేరును అక్షరాల్లో రాసి, పాస్‌పోర్టులో ఉన్న పేరే వేసి, బ్యాచ్ సంఖ్య, వైద్యుని సంతకం, ముద్ర ఉన్న పత్రాన్ని సూది వేసిన రోజే అడగకుండానే చేతికివ్వడం నగరంలోని ప్రతి టీకా కేంద్రమూ పాటించాలి.