బేరమాడని కొనుగోలుదారుతోనే జాగ్రత్త

బరంపురంలో పాత ఫ్రిజ్ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే గంట తిరక్కుండానే "లాస్ట్ ఎంత?" అని మెసేజ్‌లు మొదలవుతాయి. చాలామందికి అక్కడే విసుగొస్తుంది. నన్నడిగితే బేరమాడేవాళ్లతో భయం లేదు, వాళ్లు నిజంగా కొనడానికి వచ్చినవాళ్లు. వస్తువు చూడకుండా, రూపాయి తగ్గించమనకుండా "ఓకే, డబ్బు ఇప్పుడే పంపిస్తా" అనేవాళ్లనే అనుమానించాలి.

వీళ్లలో చాలామంది ఆర్మీలో ఉన్నామని చెప్పుకుంటారు. ఈ మోసం దేశమంతా ఉన్నదే. కానీ పక్కనే గోపాలపూర్‌లో సైన్యం కాలేజీ ఉంది కాబట్టి మనవాళ్లు ఇంకా తేలిగ్గా నమ్ముతారు. యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపుతారు. "డ్యూటీలో ఉన్నాను, మావాళ్లు బండి తెస్తారు" అంటారు. నమ్మకం కుదిరేలా మొదట ఐదు రూపాయలు నిజంగానే వేస్తారు. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే మిగతా డబ్బు పడుతుందంటారు. కొట్టారా, మీ ఖాతాలోంచే పోతుంది. యూపీఐలో పిన్ కొట్టాల్సింది డబ్బు పంపేవాళ్లే. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, వాళ్లు పంపిన కోడ్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు.

ఇక ధర. ఆరేళ్ల క్రితం 15,000కు కొన్న 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ అనుకుందాం. మన మనసంతా ఆ 15,000 మీదే ఉంటుంది, కొనేవాళ్లకు దాంతో పనిలేదు. ఊళ్లో అలాంటివే ఎంతకు పెట్టారో చూడాలి. వారాల తరబడి అమ్ముడుపోకుండా ఉన్నవాటి ధరను లెక్కలోకి తీసుకోకూడదు. 5,500 అని పెట్టి, 4,500 కంటే దిగకూడదని ఇంట్లో ముందే అనుకుంటే బేరం దగ్గర టెన్షన్ ఉండదు.

ఫోటోలు పగటి వెలుతురులో తీయాలి. తలుపు తీసి లోపలి అరలు, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు, సంవత్సరం కనిపించేలా స్టార్ లేబుల్ చూపించాలి. పక్కన సొట్ట ఉంటే దాన్నీ దగ్గరగా తీసి పెట్టాలి. లేకపోతే చూడ్డానికి వచ్చినవాళ్లు దాన్ని పట్టుకునే వెయ్యి తగ్గించమంటారు. బిల్లు ఫోటో పెడితే పేరు, అడ్రసు, ఫోన్ నంబరు కనబడనివ్వకూడదు.

చూడ్డానికి వచ్చేసరికి ఫ్రిజ్ నడుస్తూ ఉండాలి, ఫ్రీజర్‌లో ఐసు కట్టి ఉండాలి. మెడికల్ కాలేజీ కుర్రాడెవరో "అంకుల్, మూడున్నర వేలకిచ్చేయండి" అంటే కోపం దేనికి? "ఐసు చూశావుగా బాబూ, ఐదు వేలు" అని ఊరుకోవాలి. అతను నాలుగు వేలంటాడు, వెళ్లిపోతున్నట్టు గుమ్మం దాకా నడుస్తాడు. చివరికి ఆటో ఖర్చు తనదే అన్న ఒప్పందం మీద 4,700 దగ్గర తెగుతుంది. డబ్బు పడిందో లేదో మెసేజ్‌ చూసి కాదు, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసుకున్నాకే ఫ్రిజ్ బయటకు వెళ్లనివ్వాలి.

ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.inలో ఫిర్యాదు పెట్టాలి. మోసగాడు ఆ డబ్బును బయటకు తీసేలోపు ఫిర్యాదు అందితే బ్యాంకు దాన్ని ఆపే అవకాశం ఎక్కువ.